వినేవాళ్లు ఎదుట లేని పాఠం: స్క్రిప్టు పూర్తిగా రాయాలా, గుర్తులు చాలా, రెండూ కలపాలా?

పర్లాకిమిడి చుట్టుపక్కల డిగ్రీ చదివే పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, పరీక్ష ఇంగ్లీషులో రాసేవారు ఎందరో ఉన్నారు. భూగోళశాస్త్రం చెప్పే నేను వారి కోసం కొన్ని పాఠాలను తెలుగులో, స్లైడ్లతో రికార్డు చేయడం మొదలుపెట్టినప్పుడు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది కెమెరా కాదు, మైకూ కాదు. చెప్పబోయేదంతా అక్షరం పొల్లు పోకుండా ముందే రాసుకోవాలా, స్లైడు కింద నాలుగు గుర్తులు పెట్టుకుని తరగతిలో లాగే చెప్పుకుపోవాలా, లేక కొంత రాసి కొంత నోటికి వదిలేయాలా అన్నదే తేలలేదు. మూడు పద్ధతుల్లోనూ పాఠాలు చేశాను. ఏది ఎవరికి, ఏ పాఠానికి సరిపోతుందో ఇక్కడ చెబుతాను.

నాలుగో దారి కూడా ఒకటి ఉంది. తరగతి గదిలో పాఠం చెబుతుండగానే వీడియో తీసి, తరువాత ముక్కలు చేసి పెట్టడం. దీన్ని మొదటే పక్కన పెడుతున్నాను. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి ఫిలిప్ గువో బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, తరగతి వీడియోలను ఎంత చిన్న ముక్కలుగా కోసినా, వీడియో కోసమే తయారుచేసిన పాఠాలంతగా అవి విద్యార్థులను నిలపలేదని తేలింది. వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి నిలిచేది ఆరు నిమిషాల లోపేనని కూడా అదే అధ్యయనం చెప్పింది. అది లెక్కలు చూసి చేసిన పరిశీలనే తప్ప ప్రయోగం కాదు కనుక, ఆరు నిమిషాలు దాటితే పాఠం చచ్చిపోతుందని దాని అర్థం కాదు. చిన్న వీడియో చేసినవారు దాన్ని మరింత శ్రద్ధగా సిద్ధం చేసి ఉండవచ్చు. అయినా స్క్రిప్టు రాసేటప్పుడు ఒక్కో ముక్కను ఐదారు నిమిషాలకు అనుకుని మొదలుపెట్టడం మంచిది.

ఎదుట మనిషి లేకపోతే పోయేది ఏమిటి

తరగతిలో మన మాటను నడిపించేది వినేవారి ముఖమే. కనుబొమలు ముడిపడితే మళ్లీ చెబుతాం, వెనక బెంచీలో గుసగుస మొదలైతే ప్రశ్న వేస్తాం, ఎవరో తల ఊపితే ముందుకు వెళతాం. వీటిలో ఏదీ మనం ముందుగా రాసుకున్నది కాదు. రికార్డింగులో ఆ ముఖాలు ఉండవు కనుక, అవి చేసే పనిని స్క్రిప్టు చేయాలి. ఎక్కడ సందేహం వస్తుందో మనమే ఊహించి అక్కడ ఆగాలి, ఎక్కడ విసుగు పుడుతుందో అక్కడ తెంచాలి. మూడు పద్ధతుల మధ్య అసలు తేడా ఈ పనిని ఎవరు ఎంత బాగా చేయగలరన్నదే.

నా మొదటి వీడియోను మా మేనకోడలు రాత్రి అన్నం తింటూ ఫోనులో చూసింది. నేను పక్కనే కూర్చుని గమనించాను. నమస్కారం, యూనిట్ పేరు, ఈ పాఠంలో ఏమేం చూస్తామన్న జాబితా, ఇవన్నీ సాగుతుండగానే తెర మీద వేలు జరిపేసింది. మూడో స్లైడు దగ్గర వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేసింది. తరువాత తల ఎత్తి, "అత్తా, స్లైడు మీద ఉన్నది నేను చదివేశాక కూడా నువ్వు అదే చదువుతున్నావు" అంది. ఆ ఒక్క మాటలో నా స్క్రిప్టులోని రెండు తప్పులు ఉన్నాయి. మొదలు ఆలస్యమైంది, చెవికీ కంటికీ ఒకే వాక్యం ఇచ్చాను. రెండోదాని గురించి రిచర్డ్ మేయర్ వంటి విద్యా మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. బొమ్మతో పాటు మాట వినిపిస్తున్నప్పుడు అదే మాటను అక్షరాలుగా కూడా తెర మీద పెడితే నేర్చుకోవడం తగ్గుతుంది, ఎందుకంటే కన్ను బొమ్మను వదిలి అక్షరాల వెంట పోతుంది.

పూర్తి స్క్రిప్టు

ఇందులో ప్రతి మాటా ముందే కాగితం మీద ఉంటుంది. రికార్డు చేసేటప్పుడు ఫోనులో టెలిప్రాంప్టర్ యాప్ పెట్టుకునో, పవర్‌పాయింట్ నోట్స్ చూస్తూనో చదువుతాం. దీని లాభాలు నిజమైనవే. నిడివి ముందే తెలుస్తుంది. నేను తెలుగులో పాఠం చెప్పే వేగం నిమిషానికి సుమారు 95 మాటలు, కనుక ఆరు నిమిషాలకు 570 మాటలు దాటితే కోయాలని రికార్డు చేయక ముందే తెలిసిపోతుంది. ఇంగ్లీషు పాఠాలకు చెప్పే నిమిషానికి 150 మాటల లెక్క తెలుగుకు పనికిరాదు. మన మాటల్లో విభక్తులూ ప్రత్యయాలూ అతుక్కుని ఉంటాయి కనుక ఒక్కో మాట పొడవెక్కువ. ఎవరికి వారు ఒక నిమిషం చెప్పి, రికార్డు విని, మాటలు లెక్కపెట్టుకోవాలి. ఇక సబ్‌టైటిళ్లు పెట్టదలిస్తే స్క్రిప్టే చాలావరకు సబ్‌టైటిల్ అవుతుంది. వినికిడి లోపం ఉన్న విద్యార్థి తరగతిలో ఉంటే ఈ ఒక్క కారణం చాలు, మిగతా లెక్కలు అక్కర్లేదు.

నష్టం ఎక్కడంటే, రాయడానికి కూర్చోగానే మన చేతికి పుస్తక భాష వస్తుంది. నా మొదటి స్క్రిప్టులో ఈ వాక్యం ఉంది: "ఉత్తరార్ధగోళంలో అపసవ్య దిశలో పరిభ్రమించే ఉష్ణమండల తుఫాను యొక్క భ్రమణ వేగానికి దాని పురోగమన వేగం తోడు కావడం వలన గమన మార్గానికి కుడి పార్శ్వంలో గాలి తీవ్రత అధికంగా ఉంటుంది." చదువుకోవడానికి ఇది తప్పు వాక్యం కాదు. వినడానికి మాత్రం భారం, ఎందుకంటే తెలుగులో క్రియ చివర వస్తుంది, అది వచ్చేదాకా వినేవాడు ముందున్నవన్నీ మోస్తూ ఉండాలి. కంటితో చదివేవాడు వెనక్కి వెళ్లి చూసుకుంటాడు. చెవితో వినేవాడికి ఆ వీలు లేదు. అదే విషయాన్ని తరువాత ఇలా మార్చాను: "తుఫాను తన చుట్టూ తాను తిరుగుతోంది. తిరుగుతూనే ముందుకు నడుస్తోంది. కుడి పక్కన ఈ రెండూ ఒకే వైపు పోతాయి, కాబట్టి కలుస్తాయి. ఎడమ పక్కన ఎదురెదురుగా పోతాయి, కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేయాలి." మాటలు దాదాపు అన్నే ఉన్నాయి, కానీ ప్రతి వాక్యానికీ క్రియ వెంటనే అందుతుంది.

వాడుక భాషలోనే చదువు చెప్పాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. ఆ ఊళ్లో కూర్చుని నేను "పార్శ్వంలో" అని రాశానంటే చెయ్యి అలవాటు ఎంత గట్టిదో అర్థమవుతుంది. ఈ వ్యాసం రాస్తున్న భాషలో స్క్రిప్టు రాసినా పాఠం పోతుందని కూడా ఒప్పుకుంటున్నాను.

పూర్తి స్క్రిప్టుకు రెండో నష్టం చదువు రాగం. ప్రతి వాక్యం చివరా గొంతు ఒకే తీరుగా కిందికి దిగుతుంది. దీన్ని పట్టుకోవడానికి తేలికైన దారి, బొమ్మను మూసి ఒక నిమిషం వినడమే. ఐదారు వాక్యాలు వరుసగా ఒకే మెట్టు మీద ముగిస్తే చదువుతున్నట్టే. ముఖం కూడా తెర మీద కనిపిస్తుంటే కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం ఇంకా స్పష్టంగా బయటపడుతుంది.

గుర్తులు మాత్రమే

స్లైడుకు మూడు నాలుగు మాటలు రాసుకుని చెప్పుకుపోవడం అనుభవం ఉన్న అధ్యాపకులకు సహజంగా తోస్తుంది. మాటలో ప్రాణం ఉంటుంది, చదువు రాగం రాదు. ముందు తయారీ అరగంటలో అయిపోతుంది. మోసం ఇక్కడే ఉంది. తరగతిలో మన మాటను సరిదిద్దే ముఖాలు ఇక్కడ లేవు కనుక, చెప్పినదే మళ్లీ చెబుతున్నామని మనకు తెలియదు. నేను ఆరు నిమిషాలనుకున్న ముక్క పద్నాలుగు నిమిషాలకు పోయింది. విని చూస్తే "అంటే", "కాబట్టి ఏంటంటే", "మనం చూసినట్లయితే" అన్నవి ప్రతి రెండో వాక్యంలో ఉన్నాయి. ఏడుసార్లు రికార్డు చేసి, కోసి అతికించడానికి ఇంకో రెండు గంటలు కూర్చున్నాను. ముందు మిగిలిన సమయం అంతా వెనక పోయింది.

అయితే ఇది ఓడిపోయిన పద్ధతి అని తీసిపారేయను. చేత్తో గీస్తూ, లెక్క చేస్తూ, పటం మీద గీతలు వేస్తూ చెప్పే పాఠానికి ఇదే సరి. అక్కడ చెయ్యి వేగమే మాట వేగాన్ని పట్టి ఉంచుతుంది, పూర్తి స్క్రిప్టు పెడితే చెయ్యి మాటను అందుకోలేక తడబడుతుంది. స్లైడ్ల కంటే చేత్తో గీసే పాఠాలు విద్యార్థులను ఎక్కువసేపు నిలిపాయని ఆ 2014 అధ్యయనంలోనూ ఉంది.

సగం రాసి సగం వదిలే పద్ధతి

చివరికి నేను స్థిరపడింది ఇక్కడ. పేజీని నిలువుగా రెండు గడులు చేసి, ఎడమ గడిలో మాట, కుడి గడిలో ఆ సమయానికి తెర మీద కనిపించేది రాస్తాను. ఎడమ గడిలో అక్షరాలా రాసేవి నాలుగే: మొదటి ఇరవై సెకన్లు, నిర్వచనాలూ అంకెలూ, విద్యార్థికి వేసే ప్రశ్న, ఒక ముక్క నుంచి మరో ముక్కకు దాటే వాక్యం. వీటిలో తడబడితే కోలుకోవడం కష్టం. మధ్యలో బొమ్మను చూపిస్తూ వివరించే భాగానికి గుర్తులు మాత్రమే పెట్టుకుంటాను, ఎందుకంటే అక్కడ బొమ్మే నన్ను నడిపిస్తుంది.

తుఫాను పాఠాన్ని ఇలా ఎలా మార్చానో చెబితే పద్ధతి తెలుస్తుంది. పాత వీడియో తుఫాను నిర్వచనంతో మొదలయ్యేది. కొత్తదాన్ని మా పిల్లలకు గుర్తున్న సంఘటనతో, దాంట్లోంచి పుట్టిన ప్రశ్నతో మొదలుపెట్టాను. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అక్కడి నుంచి ఈశాన్యంగా గోపాల్‌పూర్, నైరుతిగా కళింగపట్నం దాదాపు సమాన దూరంలో, సుమారు 65 కిలోమీటర్లలో ఉన్నాయి. స్క్రిప్టు మొదలు ఇలా ఉంది:

మాట: తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఇటు గోపాల్‌పూర్, అటు కళింగపట్నం. దూరం రెండింటికీ దాదాపు ఒకటే.
తెర: తీరం పటం, మూడు చుక్కలు. ఊరి పేరు పలకబోయే ముందు దాని చుక్క వెలగాలి.

మాట: తుఫాను గాలి ఏ ఊరి దగ్గర ఎక్కువగా ఉండాలి? ఆపి ఆలోచించండి.
తెర: పటం అలాగే. కింద "గోపాల్‌పూరా, కళింగపట్నమా?" పక్కన ఐదు నుంచి సున్నాకు దిగే అంకె.

మాట: (గుర్తులు) గుండ్రంగా తిరగడం, వాయవ్యానికి నడక, కుడి పక్క కూడిక, ఎడమ పక్క తీసివేత.
తెర: తిరిగే బాణం, తరువాత నడిచే బాణం, చివరికి రెండూ.

ఈ చిన్న ముక్కలో ఒక్కో ఏర్పాటుకూ కారణం ఉంది. ప్రశ్న దగ్గర ఐదు సెకన్ల మౌనాన్ని స్క్రిప్టులోనే రాయాలి, లేకపోతే మాట్లాడేటప్పుడు ఎవరూ అంతసేపు ఆగలేరు. కానీ ఉత్త మౌనం పెడితే చూసేవాడు నెట్ ఆగిపోయిందనుకుంటాడు. మా కొండ ప్రాంతాల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో తెలిసినవారు ఆ అనుమానాన్ని తప్పుపట్టరు. అందుకే దిగే అంకె కదులుతూ కనిపించాలి. ఇలా మధ్యలో ప్రశ్న పెట్టడం కేవలం ఆకర్షణ కోసం కాదు. స్పునార్, ఖాన్, షాక్టర్ అనే పరిశోధకులు 2013లో వీడియో పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కల మధ్య చిన్న పరీక్ష పెట్టినప్పుడు విద్యార్థుల మనసు పక్కదారి పట్టడం తగ్గిందని, పాఠం మెరుగ్గా గుర్తుందని చూపించారు.

బొమ్మ మాట కంటే ముందు రావాలన్నది తెలుగులో ఇంకా ముఖ్యం. "గోపాల్‌పూర్ దగ్గర గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది" అన్న వాక్యంలో క్రియ దగ్గర క్లిక్ చేస్తే, వినేవాడు వాక్యమంతా ఖాళీ పటాన్ని చూస్తూ గడుపుతాడు. "గోపాల్‌పూర్" అనే మాటకు ముందే చుక్క వెలిగితే మిగతా వాక్యం ఆ చుక్క మీద కూర్చుంటుంది. అందుకని ఎడమ గడిలో క్లిక్ గుర్తును వాక్యం చివర కాక, ఆ పేరుకు ముందు పెడతాను.

ఆ తరువాత అంకెలు. తిరిగే గాలి గంటకు 120 కిలోమీటర్లు, తుఫాను నడక 15 అనుకుంటే, కుడి పక్క, అంటే గోపాల్‌పూర్ వైపు, 135; ఎడమ పక్క, అంటే కళింగపట్నం వైపు, 105. తెర మీద ఈ నాలుగు అంకెలే ఉంటాయి, వాక్యం ఉండదు. నిజమైన తుఫానులో ఈ కూడిక ఇంత ముక్కుసూటిగా జరగదని, ఇది కేవలం తేడా ఎటువైపో చూపించే లెక్క అని చెప్పే వాక్యాన్ని మాత్రం అక్షరాలా రాసుకున్నాను. గుర్తులతో చెప్పినప్పుడు రెండుసార్లు దాన్ని మరిచిపోయాను. తెర మీద మాటలు పెట్టకూడదన్న నియమానికి మా పిల్లల విషయంలో ఒక మినహాయింపు ఉంది. పరీక్ష ఇంగ్లీషులో రాయాలి కనుక, "ఉప్పెన" అని నేను చెప్పినప్పుడు దాని ఇంగ్లీషు పేరు ఒక్క మాటగా తెర మూలన కనిపిస్తుంది. ఒకటి రెండు మాటలు బొమ్మ నుంచి కన్నును లాగవు. వాక్యాలే లాగుతాయి.

ఈ ఆరు నిమిషాల ముక్కకు స్క్రిప్టు రాయడానికి గంటన్నర, రికార్డింగుకు అరగంట పట్టింది. పూర్తి స్క్రిప్టుతో రాతకే మూడు గంటలు అయ్యేది.

ఎవరికి ఏది

వీడియో కోసం మొదటిసారి మాట్లాడేవారు, లేదా చెప్పే భాష మీద ఇంకా పట్టు రానివారు, మొదటి రెండు పాఠాలకు పూర్తి స్క్రిప్టు రాసుకోవడమే మేలు. కాకపోతే ముందు ఫోనులో నోటితో చెప్పి రికార్డు చేసుకుని, దాన్ని విని కాగితం మీద పెట్టాలి, నేరుగా రాయడానికి కూర్చోకూడదు. అప్పుడు పుస్తక భాష రాదు. చట్టం, నిర్వచనం, వరుస తప్పకూడని ప్రయోగ పద్ధతి వంటివి ఎక్కువగా ఉన్న పాఠానికి కూడా పూర్తి స్క్రిప్టే. పదేళ్లుగా అదే పాఠం చెబుతున్నవారికి అది సంకెల. వారు రెండు గడుల పద్ధతికి వెళ్లాలి, మొదలునూ ప్రశ్నలనూ తప్ప మరేదీ రాయకపోయినా ఫరవాలేదు. నల్లబల్ల మీద లెక్క చేసే గణిత అధ్యాపకులు గుర్తులతోనే ఉండవచ్చు, కానీ ప్రతి ఐదు నిమిషాలకు ఆగవలసిన చోటును ముందే గీసి పెట్టుకోవాలి.

మళ్లీ మళ్లీ మారే పాఠమైతే ఇంకొక లెక్క ఉంది. పవర్‌పాయింట్‌లో గొంతు స్లైడుకు స్లైడుగా విడిగా నిల్వ అవుతుంది కనుక, ఒక అంకె మారితే ఆ ఒక్క స్లైడు రికార్డు చేస్తే చాలు. అది కుదరాలంటే ఏ వాక్యమూ ఒక స్లైడు మీద మొదలై మరో స్లైడు మీద ముగియకూడదు, "ఇందాక చెప్పినట్టు" వంటి అతుకులూ ఉండకూడదు. గుర్తులతో చెప్పేటప్పుడు ఇది పాటించడం దాదాపు అసాధ్యం. స్లైడు మారే క్షణంలో పవర్‌పాయింట్ గొంతును రికార్డు చేయదన్నది కూడా గుర్తుంచుకోవాలి. నాకు తెలియక మొదటి పాఠంలో ప్రతి స్లైడుకూ మొదటి మాట తెగిపోయింది. "తుఫాను" అన్నది "ఫాను" అయింది, మా పిల్లలు వారం రోజులు నవ్వారు. ఇప్పుడు ప్రతి స్లైడు మొదట్లోనూ చివర్లోనూ ఒక క్షణం మౌనంగా ఉండాలని స్క్రిప్టులో చిన్న గీత పెట్టుకుంటున్నాను.

ఏ పద్ధతి ఎంచుకున్నా, మొత్తం రికార్డు చేయక ముందు మొదటి రెండు నిమిషాలు తీసి రెండుసార్లు చూడండి. ఒకసారి శబ్దం లేకుండా: బొమ్మలతోనే పాఠమంతా చదివేయగలిగితే స్లైడ్ల మీద రాత ఎక్కువైంది. ఇంకొకసారి తెర చూడకుండా: ఎక్కడా బొమ్మ అవసరమే అనిపించకపోతే ఆ స్లైడు దండగ. తరువాత ఎవరైనా విద్యార్థి చేతికి ఫోను ఇచ్చి, పాఠం ఎలా ఉందని అడగకుండా, వేలు ఎప్పుడు తెర మీదికి వెళుతుందో మాత్రం గమనించండి. మా మేనకోడలికి కొత్త తుఫాను పాఠం చూపినప్పుడు వేలు నాలుగో నిమిషంలో కదిలింది. ఉప్పెన గురించిన రెండు స్లైడ్లను ఒకటిగా చేయాల్సిన చోటు సరిగ్గా అదే.